‘మాదే పూర్తి బాధ్యత’ అని రాసిస్తే సరిపోతుందా?

ప్రశ్న: హన్మకొండలో ఒక పాత ఇల్లు 60 లక్షలకు కొనాలనుకుంటున్నాం. అమ్మేవాళ్ల నాన్నగారు స్వార్జితంతో కట్టిన ఇల్లు. ఆయన 2019లో వీలునామా రాయకుండానే చనిపోయారు, భార్య అంతకు ముందే పోయారు. ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు. కూతురు అమెరికాలో ఉంది. ‘చెల్లెలికి ఫోన్లో చెప్పాం, ఏం అభ్యంతరం లేదంది, సంతకానికి ఇప్పుడు రాలేదు, నష్టం వస్తే భర్తీ చేస్తామని ఇండెమ్నిటీ బాండ్ రాసిస్తాం’ అంటున్నారు. డాక్యుమెంట్ రైటర్ ఇచ్చిన డ్రాఫ్ట్‌లో ఇలా ఉంది: ‘ఇద్దరమే మా తండ్రిగారి వారసులము. భవిష్యత్తులో ఎవరి వల్ల ఏ వివాదం వచ్చినా మేమే పూర్తి బాధ్యత వహించి, మా సొంత ఖర్చులతో పరిష్కరించి ఇస్తాము. లేనిచో రెట్టింపు సొమ్ము చెల్లిస్తాము.’ వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తామంటున్నారు. ఇది చాలా? లేకపోతే ఎలా రాయించుకోవాలి? టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: చాలదండీ. ఆ డ్రాఫ్ట్‌లో ప్రతి వాక్యం గట్టిగానే వినిపిస్తుంది. కోర్టు మెట్లెక్కాక మాత్రం మీ చేతిలో నిలిచేది చాలా తక్కువ. ఎందుకో చెప్పే ముందు, బాండ్ ఎంత బాగా రాసినా అది చేయలేని పని ఒకటుంది, అది చెప్పాలి.

స్వార్జిత ఆస్తి ఉన్న హిందూ పురుషుడు వీలునామా లేకుండా చనిపోతే, హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కొడుకులకు, కూతుళ్లకు, భార్యకు, తల్లికి సమాన వాటాలు వస్తాయి. ఆయన తల్లి కూడా లేరనుకుంటే ఆ ఇంట్లో కూతురిది మూడో వంతు. ఆమె సంతకం లేకుండా అన్నలిద్దరూ ఇల్లు మొత్తం రాసిచ్చినా మీకు వచ్చేది మూడింట రెండు వంతులే. ‘అభ్యంతరం లేదు’ అని ఫోన్లో చెబితే స్థిరాస్తిలో హక్కు పోదు. దానికి రిజిస్టరైన దస్తావేజు కావాలి. బాండ్ ఆ మూడో వంతును మీకు తెచ్చిపెట్టదు. అది పోయిన రోజున అన్నల దగ్గర డబ్బు వసూలు చేసుకునే హక్కును మాత్రమే ఇస్తుంది. అంటే మీరు తూచాల్సింది ఇంటి పత్రాలతో పాటు ఆ ఇద్దరి ఆర్థిక స్థితిని కూడా.

ఇంకో సంగతి. అది నివాస గృహం, మీరు ఆ కుటుంబానికి బయటివారు. ఇల్లు ఆ కుటుంబానిది, ఇంకా పంపకం కాలేదు అనుకుంటే, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం వాటా కొన్న బయటి వ్యక్తికి ఉమ్మడిగా స్వాధీనం అడిగే హక్కు కూడా ఉండదు. పైగా వారసత్వ చట్టం 22వ సెక్షన్ కింద, అన్నలు తమ వాటాలు అమ్ముతున్నప్పుడు వాటిని ముందుగా తానే కొనుక్కునే హక్కు చెల్లెలికి ఉంది. కాబట్టి రేపు ఆమె ‘నా వాటా ఇవ్వండి’ అనే అడుగుతుందనుకోకండి. ‘మా అన్నల వాటాలు కూడా నాకే అమ్మాలి’ అని కూడా అడగొచ్చు. బాండ్ రాసేటప్పుడు ఈ రెండు దారులూ గుర్తుండాలి.

ఇప్పుడు డ్రాఫ్ట్ సంగతి. అందులో నాకు అన్నిటికన్నా ప్రమాదంగా కనిపించింది మొదటి వాక్యమే. ‘ఇద్దరమే వారసులము’ అన్నది అబద్ధం. అది అబద్ధమని వాళ్లకీ తెలుసు, మీకూ తెలుసు. తెలిసి కూడా ఆ కాగితం తీసుకుంటే, రేపు చెల్లెలు కేసు వేసినప్పుడు ‘నాకు తెలియదు, మంచి నమ్మకంతో కొన్నాను’ అని చెప్పే దారి మీకు మూసుకుపోతుంది. అంతకన్నా చిక్కు ఇంకొకటుంది. ఒక వారసురాలిని దాచిపెట్టి ఆమె హక్కును దెబ్బతీసేందుకు ముగ్గురూ కలిసి చేసిన ఒప్పందమని వాదన లేస్తే, కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందుకొచ్చి బాండ్ చెల్లుబాటే ప్రశ్నార్థకమవుతుంది. నిజం రాయిస్తే బాండ్ బలహీనపడుతుందని చాలామంది భయపడతారు. ఇక్కడ నిజం రాయిస్తేనే అది నిలబడుతుంది.

‘ఎవరి వల్ల ఏ వివాదం వచ్చినా’ అన్నది కూడా అంతే. అన్నీ కలిసొచ్చినట్టు ఉంటుంది. కానీ చెల్లెలి దావా వచ్చాక అన్నల తరఫు లాయరు చెప్పబోయే మాట నేను ఇప్పుడే చెప్పగలను: ‘మా చెల్లెలు ఉందని కొనేటప్పుడే ఆయనకు తెలుసు, తెలిసే కొన్నాడు. ఈ హామీ తెలియని చిక్కులకే గానీ తెలిసిన దానికి కాదు.’ ఈ వాదన నెగ్గుతుందా లేదా అన్నది తరువాతి మాట. దాని మీదే మూడు నాలుగేళ్లు పోతాయి. అందుకే ఆమె పేరు, వాటా, ఆమె సంతకం చేయలేదన్న సంగతి, అది మీకు తెలుసన్న సంగతి, తెలిసినా ఈ హామీ వర్తిస్తుందన్న సంగతి, అన్నీ ఒకేచోట రాయించండి. మాట ఇలా ఉండొచ్చు:

‘మా తండ్రిగారికి మేమిద్దరము కాక మా చెల్లెలు ఫలానా కూడా వారసురాలని, ఈ ఇంటిలో ఆమెకు మూడింట ఒక వంతు వాటా ఉన్నదని, ఆమె ఈ విక్రయ దస్తావేజుపై సంతకం చేయలేదని ఉభయులకు తెలుసు. కొనుగోలుదారుకు ఈ విషయం తెలిసి ఉన్నప్పటికీ, ఆమె గానీ, ఆమె వారసులు గానీ, ఆమె ద్వారా హక్కు పొందినవారు గానీ వాటా కోరినా, ముందుగా కొనుగోలు చేసే హక్కు కోరినా, స్వాధీనానికి అడ్డుపడినా, దాని వల్ల కొనుగోలుదారుకు కలిగే నష్టమంతటినీ మేము భర్తీ చేస్తాము.’

దీని వెనకే ‘పై క్లెయిమ్ కాక మిగతా హక్కు లోపాలకు కూడా ఈ హామీ వర్తిస్తుంది’ అని ఒక వాక్యం చేర్చండి. లేకపోతే ఒక పేరు రాసినందుకు మిగతావన్నీ వదిలేసినట్టని వాదిస్తారు.

‘పరిష్కరించి ఇస్తాము’ అన్న మాటకు కోర్టులో విలువ కట్టడం కష్టం. చెల్లెలు ఒప్పుకోవడం అన్నల చేతిలో లేని పని. మూడో మనిషి మనసు మీద ఆధారపడ్డ పనిని చేసి తీరాలని ఇద్దరికి డిక్రీ ఇవ్వడం కుదరదు. డబ్బు చెల్లించమని ఇవ్వొచ్చు. కాబట్టి వాళ్లు చేస్తామనే పనిని ఒక గడువుతో రాతపూర్వక హామీగా, అంటే అండర్‌టేకింగ్‌గా రాయించండి, అది జరగకపోతే ఏమవుతుందో డబ్బు రూపంలో రాయించండి. ‘ప్రయత్నిస్తాము’, ‘వీలైనంత త్వరగా’, ‘సహకరిస్తాము’ లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయించండి. ఏ తేదీలోగా, ఎవరు, ఏ దస్తావేజు, ఎవరి ఖర్చుతో అన్నది ఉండాలి.

ఆ దస్తావేజు ఎవరి పేరున ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. ‘చెల్లెలితో హక్కు విడుదల దస్తావేజు తెప్పిస్తాం’ అంటారు. అది అన్నల పేరున వస్తే, మీకు అమ్మేసిన తరువాత వాళ్లకు దక్కిన ఆ మూడో వంతు దానంతట అదే మీకు చేరుతుందా అన్న ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. తెలియక మోసపోయిన కొనుగోలుదారుకు చట్టం ఆ సాయం చేస్తుంది గానీ, మీరు తెలిసే కొన్నారు. కాబట్టి ఆమె తన వాటాను నేరుగా మీ పేరున రిజిస్టర్డ్ దస్తావేజుతో రాసివ్వాలని రాయించండి. ఆమె ఇండియా రానక్కర్లేదు కూడా. అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్‌లోనో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపితే, ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించి వాడుకోవచ్చు. నిజంగా ఆమెకు అభ్యంతరం లేకపోతే ఇది పెద్ద పని కాదు. ‘రాలేదు’ అన్న సాకు వినిపిస్తున్నప్పుడు నేనైతే అనుమానిస్తాను.

ఇక ‘రెట్టింపు సొమ్ము’. ఇది చూసి మీరు కొంత ధైర్యపడి ఉంటారు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత చెల్లించాలని ముందే రాసుకున్న మొత్తాన్ని కోర్టు ఉన్నదున్నట్టు ఇప్పించదు. ఆ మొత్తానికి మించకుండా సబబైన పరిహారం ఇప్పిస్తుంది. అంటే మీరు నమ్ముకున్న కోటీ ఇరవై లక్షలు మీకు ఖాయం కాదు, అదే మీకు పై గీత మాత్రం అవుతుంది. నష్టం తక్కువైతే తక్కువే వస్తుంది. ఎక్కువైతే ఆ గీత దగ్గర ఆగిపోతుంది.

కొన్ని లెక్కలు వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే. ఏడేళ్ల తరువాత చెల్లెలు ఆస్తి పంచమని వేసిన పార్టిషన్ దావా గెలిచింది. అప్పటికి ఇంటి విలువ కోటీ ఇరవై లక్షలు. ఆమె వాటా నిలుపుకోవాలంటే మీరు 40 లక్షలు కట్టాలి. ఇన్నాళ్లూ ఇంటి అద్దెలో ఆమె వంతు కూడా అడుగుతుంది, అది ఓ 4 లక్షలనుకోండి. లాయరు ఫీజులు, కోర్టు ఖర్చులు ఇంకో 3 లక్షలు. మొత్తం 47 లక్షలు. బాండ్‌లో ‘తీసుకున్న సొమ్ము తిరిగి ఇస్తాము’ అని మాత్రమే ఉంటే, ఆ మూడో వంతుకు మీరిచ్చిన 20 లక్షలు చేతిలో పెట్టి లెక్క సరిపోయిందంటారు. మధ్యలో ఉన్న 27 లక్షల కోసం మీరు మళ్లీ కోర్టుకెళ్లాలి. కాబట్టి రెట్టింపు, మూడింతలు లాంటి మాటలు మాని, నష్టం దేనితో కొలవాలో రాయించండి:

‘నష్టమనగా: కోల్పోయిన వాటాకు డిక్రీ తేదీ నాటికి ఉన్న మార్కెట్ విలువ, లేదా ఆ వాటాను నిలుపుకొనుటకు కొనుగోలుదారు చెల్లించిన సొమ్ము; ఆ వాటాదారుకు చెల్లించవలసి వచ్చిన అద్దె లేదా ఆదాయం; ఇంటిపై కొనుగోలుదారు చేసిన నిర్మాణంలో కోల్పోయిన భాగం విలువ; కోర్టు ఖర్చులు, న్యాయవాది ఫీజులు. మార్కెట్ విలువపై తేడా వస్తే ఉభయులు ఎంచుకున్న ప్రభుత్వ గుర్తింపు గల వాల్యుయర్ నివేదికను ప్రాతిపదికగా తీసుకోవాలి.’

ఇందులో అంకె లేదని కంగారుపడకండి. అంకెను లెక్కగట్టే పద్ధతి ఉంది. అస్పష్టంగా ఉన్న ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ చెబుతుంది, కానీ మొత్తం ఎంతో తేల్చే దారి పత్రంలోనే ఉంటే అస్పష్టం కింద రాదు. ‘కోల్పోయిన వాటా’ అని రాసి, విలువ ఏ తేదీ నాటిదో రాయకపోతేనే తగాదా.

తరువాతి ప్రశ్న ‘ఎప్పుడు’ చెల్లించాలన్నది. నష్టం చేతి నుంచి పోయాకే అడగాలా, కేసు రాగానే అడగొచ్చా? 1942లో బొంబాయి హైకోర్టు గజానన్ మోరేశ్వర్ కేసులో, బాధ్యత ఖాయమైపోయాక మనం ముందు సొంత డబ్బు కట్టి తరువాత అడగాల్సిన పని లేదని, హామీ ఇచ్చినవాడినే ఆ బాధ్యత తీర్చమనవచ్చని చెప్పింది. బాగానే ఉంది, కానీ తీర్పు మీద ఆధారపడే బదులు కాగితంలోనే మెట్లు రాసుకోవడం మేలు. దావా నోటీసు అందిన 15 రోజుల్లో మీరు అన్నలకు తెలపాలి. వాళ్లు 15 రోజుల్లో సొంత ఖర్చుతో లాయరును పెట్టి వాదించాలి. పెట్టకపోతే మీరే వాదించుకుంటారు, ఆ ఖర్చు వాళ్లదే. డిక్రీ కాపీతో మీరు డిమాండ్ నోటీసు పంపిన 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ. నోటీసు ఎలా పంపాలో కూడా రాయాలి, ‘ఈ పత్రంలోని చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపితే అందినట్టే’ అని. ఇల్లు మారి దొరకకుండా పోతే ఆ వాక్యమే పనికొస్తుంది.

రాజీ గురించి ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. కేసు నడుస్తుండగా చెల్లెలే ‘నాకు 30 లక్షలిచ్చేయండి, వదిలేస్తాను’ అందనుకోండి. మీరు ఇచ్చేశారు. అప్పుడు అన్నలు ‘మమ్మల్ని అడగకుండా ఇచ్చారు, మేం కట్టం’ అనొచ్చు. కాంట్రాక్టు చట్టం 125వ సెక్షన్ రాజీ సొమ్మును కూడా రాబట్టుకోనిస్తుంది, కానీ అది వాళ్ల ఆదేశాలకు విరుద్ధం కాకుండా, వివేకం ఉన్న మనిషి చేసే రాజీలా ఉండాలి. ‘రాజీ ప్రతిపాదనను రాతపూర్వకంగా తెలిపిన 15 రోజుల్లో మేము అభ్యంతరం చెప్పి, ఆ మేరకు సొమ్మును డిపాజిట్ చేయనిచో, కొనుగోలుదారు రాజీ చేసుకోవచ్చును, అది మాకు సమ్మతమే’ అని పెడితే ఆ తగాదా ఉండదు.

ఈ హామీ ఎన్నాళ్లు? ‘మూడేళ్ల వరకే’ అని వాళ్లు చేర్చాలని చూస్తారు. ఒప్పుకోవద్దు. సహ హక్కుదారు వాటా అడగడానికి మూడేళ్ల గీత ఏదీ లేదు. పన్నెండేళ్ల లెక్క అయినా స్వాధీనం ఆమె హక్కుకు విరుద్ధంగా మారిన రోజు నుంచే మొదలవుతుంది, ఇల్లు చేతులు మారిన రోజు నుంచి కాదు. మీరు అన్నల మీద వేయాల్సిన కేసుకు మాత్రం మూడేళ్లే గడువు, అది వాళ్లు మాట తప్పిన రోజు నుంచి. అందుకే పైన ‘30 రోజుల్లో చెల్లించాలి’ అన్న వాక్యం ముఖ్యం. 31వ రోజు నుంచి లెక్క మొదలవుతుందని ఎవరికైనా అర్థమవుతుంది. ఆ తేదీ లేకపోతే గడువు ఎప్పుడు మొదలైందన్న దాని మీదే ఇంకో వాదన.

‘మేము’ అన్న మాటలో ఇద్దరున్నారు. ఒకరు విదేశాలకు వెళ్లిపోయి, రెండోవారు ‘నా సగమే నేను కడతా’ అంటే? చట్టం సాధారణంగా మీ వైపే ఉంటుంది, కలిసి మాటిచ్చినవాళ్లలో ఎవరి నుంచైనా మొత్తం రాబట్టవచ్చు. అయినా ‘ఇద్దరమూ కలిసి, అలాగే ఎవరికి వారు విడివిడిగా, మొత్తం సొమ్ముకు బాధ్యులము’ అని రాయించండి. వాళ్ల వారసులు బద్ధులని కూడా రాస్తారు, అది రాయొచ్చు. కానీ ఆ అన్నల నుంచి వచ్చిన ఆస్తి మేరకే ఆ వారసుల మీద పడుతుంది గానీ సొంత జీతం మీద కాదు. అన్నలు డబ్బంతా ఖర్చు పెట్టి పోతే ఆ వాక్యంతో ఏమీ రాదు.

ఇక్కడే అసలు సలహా. 60 లక్షల్లో మూడో వంతు, అంటే 20 లక్షలు, వాళ్లకు ఇప్పుడు ఇవ్వకండి. 40 లక్షలకే వాళ్ల వాటాలు రాయించుకుని, మిగతా 20 లక్షలను మీ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి, ఆ సంగతి విక్రయ దస్తావేజులోనే చెప్పండి. అండర్‌టేకింగ్‌లో ఇలా రాయించండి: ‘ఆరు నెలలలోగా మా చెల్లెలు తన వాటాను కొనుగోలుదారు పేరున రిజిస్టర్ చేసినచో ఈ 20 లక్షలు ఆమె సూచించిన ప్రకారం చెల్లించవలెను. చేయనిచో ఈ సొమ్ముపై మాకు ఎట్టి హక్కు లేదు. కొనుగోలుదారు ఈ సొమ్ముతో ఆమె వాటాను నేరుగా ఆమె వద్ద కొనవచ్చును.’ అప్పుడు చెల్లెలి వాటా సొమ్ము అన్నల చేతికి పోకుండా మీ దగ్గరే ఉంటుంది. ఎదురు చూడలేమని అన్నలంటే వాళ్ల వేరే ఆస్తిపై చార్జ్, అంటే బాకీకి ఆ ఆస్తినే పూచీగా ఉంచే రాత, రాయించుకోండి. అది వంద రూపాయలకు మించిన స్థిరాస్తి మీద కాబట్టి రిజిస్టర్ చేయించాలి, నోటరీ సంతకంతో చార్జ్ ఏర్పడదు. బాండ్ ఒక్కటే అయితే అది వ్యక్తి మాట, ఏ ఆస్తికీ ముడిపడదు.

స్టాంపు గురించి. వంద రూపాయల పేపరు అన్నది ఊరూరా ఉన్న అలవాటు, చట్టం కాదు. ఇండెమ్నిటీ బాండ్‌కు స్టాంపు చట్టం షెడ్యూలులో వేరే పద్దు ఉంది, సుంకం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. బాండ్ విలువ చెప్పి మీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో లెక్క కట్టించుకోండి. తక్కువ స్టాంపుతో ఉంటే, సరిగ్గా మీకు అవసరమైన రోజున కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. లోటు సుంకంతో పాటు దానికి పదింతల దాకా జరిమానా కట్టమంటుంది. నోటరీ ముద్ర, సంతకం పెట్టినవారు ఎవరన్నది మాత్రమే చెబుతుంది, రాతలోని లోపాన్ని గానీ స్టాంపు లోటును గానీ సరిదిద్దదు. విక్రయ దస్తావేజులో ‘వారసులం ఇద్దరమే’ అని, బాండ్‌లో ‘చెల్లెలు ఉంది’ అని ఉంటే రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, కాబట్టి ఒకే రోజు ఒకే లాయరు చేత రెండూ చదివించండి.

అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే, అమెరికాకు మీరే ఒక వీడియో కాల్ చేసి ఆ అమ్మగారితో మాట్లాడండి. పవర్ ఆఫ్ అటార్నీ డ్రాఫ్ట్ పంపిస్తానని, ఇక్కడి ఖర్చులన్నీ నేనే భరిస్తానని చెప్పండి. ఆమె సరేనంటే ముగ్గురి పేర్లతో ఒకే విక్రయ దస్తావేజు రాయించుకోవచ్చు, పైన చెప్పిన చెల్లెలి క్లాజులు, నిలిపి ఉంచే 20 లక్షలు ఏవీ అవసరం రావు. ‘నాకసలు అమ్ముతున్న సంగతే తెలియదు’ అంటే మాత్రం ఏ బాండ్ చూపించినా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.